రెండో స్టిమ్యులేషన్ టెస్టు ఎందుకంటే

"మా బాబుకు ఎనిమిదేళ్లు, 20 కిలోలు. క్లోనిడిన్ టెస్టులో గ్రోత్ హార్మోన్ 5.8 దాటలేదు. ఇంకో టెస్టు చేయాలంటున్నారు. అవసరమా అండీ?"

అవసరమేనండీ. ఈ హార్మోన్ రక్తంలోకి విడతలు విడతలుగా వస్తుంది, అదీ ఎక్కువగా రాత్రి నిద్రలో. అందుకే పరగడుపున క్లోనిడిన్ లాంటి, ఈ హార్మోన్‌ను విడుదల చేయించే మందిచ్చి, అరగంటకోసారి రక్తం తీసి, వాటన్నిటిలో ఎక్కువ వచ్చిన అంకె చూస్తారు. ఏ లోపమూ లేని పిల్లల్లోనూ కొందరికి ఒక టెస్టులో తక్కువ వస్తుంది. గ్లూకగాన్ లాంటి వేరే మందుతో చేసినా 10 లోపే (కొన్నిచోట్ల 7 లోపు అంటారు) ఉంటే అప్పుడు హార్మోన్ లోపం ఉందని నమ్మవచ్చు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఈ అంకె పడిపోతుంది, కాబట్టి అది ముందే చూపించండి.

లోపం ఖరారైతే ఈ హార్మోన్ తయారయ్యే పిట్యూటరీ గ్రంథికి ఎమ్మారై తీస్తారు. ఆపై రోజూ రాత్రి చర్మం కింద గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్. మామూలుగా కిలోకు 25 నుంచి 35 మైక్రోగ్రాములు, అంటే మీ బాబుకు 0.5 నుంచి 0.7 మిల్లీగ్రాములు. ఖచ్చితమైన డోసు డాక్టరే చెబుతారు. తొడ, పొట్ట మార్చి మార్చి వేయండి. మందు గడ్డకడితే పనికిరాదు, ఫ్రీజర్‌కు దూరంగా పెట్టండి. మొదటి ఏడాదిలోనే ఎదుగుదల వేగం బాగా పెరగాలి. పెరగకపోతే డోసులు తప్పుతున్నాయేమో ముందు చూడండి. విపరీతమైన తలనొప్పి, వాంతులు, కుంటడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి.