అదే సిమ్, అదే జీమెయిల్ ఉన్నా కొత్త ఫోన్‌లోకి కొన్ని పేర్లు ఎందుకు రావు?

ప్రశ్న: "కొత్త ఫోన్ కొన్నాను. పాత ఫోన్‌లో దాదాపు 500 కాంటాక్టులు ఉండేవి, కొత్త దానిలో 150 మాత్రమే కనిపిస్తున్నాయి. అదే సిమ్ వేశాను, అదే జీమెయిల్ పెట్టాను, సింక్ కూడా ఆన్‌లోనే ఉంది. మిగతావి ఎక్కడికి పోయాయి? పాత ఫోన్‌ను రీసెట్ చేసి ఈ వారమే అమ్మేద్దామనుకుంటున్నాను. మాది మహబూబ్‌నగర్."

జవాబు:

దయచేసి పాత ఫోన్‌ను ఇప్పుడే రీసెట్ చేయకండి. మీరు వెతుకుతున్న పేర్లు చాలా వరకు ఆ ఫోన్ సొంత నిల్వలోనే ఉండి ఉంటాయి. రీసెట్ చేస్తే ముందుగా చెరిగిపోయేది ఆ నిల్వే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాంటాక్టుల జాబితా చూడటానికి ఒకటే అయినా, దాని వెనుక మూడు వేర్వేరు చోట్లు ఉంటాయి. కొన్ని పేర్లు సిమ్ కార్డు మీద ఉంటాయి, కొన్ని జీమెయిల్ ఖాతాలో ఉంటాయి, మిగిలినవి ఫోన్‌లోనే, ఏ ఖాతాకూ చెందకుండా ఉంటాయి. ఫోన్ ఈ మూడింటినీ కలిపి అక్షర క్రమంలో చూపిస్తుంది కాబట్టి ఏ పేరు ఎక్కడ ఉందో మనకు తెలియదు. సిమ్‌ను తీసి కొత్త ఫోన్‌లో వేస్తే సిమ్ మీద ఉన్నవి వస్తాయి, జీమెయిల్‌తో లాగిన్ అయితే ఆ ఖాతాలో ఉన్నవి వస్తాయి, కానీ మూడో చోట ఉన్నవి ఈ రెండు దారుల్లో దేని వెంటా రావు. సింక్ ఆన్‌లో ఉండటం అంటే ఆ ఖాతాలో ఇప్పటికే ఉన్న పేర్లు రెండు ఫోన్లలోనూ ఒకేలా ఉంటాయని మాత్రమే. ఖాతా బయట ఉన్న పేర్లను అది తనంతట తాను లోపలికి తీసుకోదు.

పాత ఫోన్‌లో దీన్ని ఇప్పుడే తేల్చుకోవచ్చు. కొత్త ఫోన్‌లోకి రాని పేరును ఒకదాన్ని తెరిచి, మార్పు చేయడానికి వాడే పెన్సిల్ గుర్తును నొక్కండి. ఆ పేరు ఎక్కడ భద్రపరచి ఉందో అక్కడ కనిపిస్తుంది. జీమెయిల్ చిరునామా ఉంటే అది ఖాతాలో ఉన్నట్టు, SIM అని ఉంటే కార్డు మీద ఉన్నట్టు, Device అనో Phone అనో ఉంటే ఫోన్ సొంత నిల్వలో ఉన్నట్టు. ఇలా నాలుగైదు పేర్లు చూస్తే సంగతి అర్థమైపోతుంది.

మా మేనమామ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆయన హాలియా, పెద్దవూర వైపు తోటల్లో బత్తాయి కొని లారీలకెత్తించే వ్యాపారం చేస్తారు. రైతులు, డీసీఎం డ్రైవర్లు, హమాలీలు, మార్కెట్‌లోని కమీషన్ దుకాణాలు, ఇలా ఆయన పని మొత్తం ఫోన్ నంబర్ల మీదే నడుస్తుంది. కాత పట్టే రోజుల్లో కొత్త ఫోన్ కొన్నారు, మర్నాడు చూసుకుంటే డ్రైవర్ల నంబర్లు సగానికి పైగా లేవు. "నంబర్లన్నీ సిమ్ముల్నే ఉంటయి గద, సిమ్ము అదే ఏసిన" అన్నారు. మన వైపు చాలామంది నమ్మకం ఇదే. చిన్న బటన్ ఫోన్ల కాలంలో అది చాలా వరకు నిజం కూడా.

పాత ఫోన్‌లో ఒక్కో చోటునూ విడివిడిగా చూస్తే మొత్తం 520 పేర్లు లెక్కకు వచ్చాయి. అందులో సిమ్ మీద 248, జీమెయిల్‌లో 61, ఫోన్ సొంత నిల్వలో 211 ఉన్నాయి. కొత్త ఫోన్‌లో కనిపించినవి 309, అంటే సిమ్, జీమెయిల్ కలిపితే వచ్చే సంఖ్య. పోయాయనుకున్న 211 పేర్లూ పాత ఫోన్‌లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఫోన్ కొన్న కొత్తలో మొదటి నంబరును దాచుకునేటప్పుడు, ఎక్కడ దాచాలని ఫోన్ ఒకసారి అడుగుతుంది. ఆ రోజు ఎవరో ఫోన్ అని నొక్కారు. ఆ తర్వాత దాచిన ప్రతి నంబరూ అడగకుండానే అక్కడికే వెళ్లింది.

ఇక సిమ్ మీద 248 ఎందుకున్నాయో చూడాలి, ఎందుకంటే మీకు కూడా ఎవరో ఒకరు "అన్నీ సిమ్‌లోకి కాపీ చేసి కొత్త ఫోన్‌లో వేసుకోండి" అని సలహా ఇస్తారు. మా మామకు ఒక ఫోన్ల దుకాణంలో అలాగే చేసి ఇచ్చారు. సిమ్ కార్డుల్లో ఎక్కువ భాగం సుమారు 250 పేర్లకు మించి పట్టవు. కార్డు నిండిన తర్వాత మిగతావి ఎక్కలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. ఎక్కినవైనా సరిగా ఎక్కలేదు. సిమ్ మీద ఒక పేరుకు కేటాయించిన చోటు చాలా చిన్నది, పేరు 14 ఇంగ్లీషు అక్షరాల దగ్గరే తెగిపోయే కార్డులు చాలా ఉన్నాయి. మామ ఫోన్‌లో Peddavoora Battayi Thota అని ఒక రైతు నంబరు, Peddavoora Battayi Commission అని ఒక దుకాణం నంబరు ఉండేవి. సిమ్ మీద రెండూ Peddavoora Bat అయి కూర్చున్నాయి. ఏది ఎవరిదో తెలియక ఆయన రెండింటికీ ఫోన్ చేసి అడగవలసి వచ్చింది. తెలుగులో రాసుకున్న పేర్లకు ఇంకా ఇబ్బంది, ఎందుకంటే గుణింతపు గుర్తు, ఒత్తు కూడా విడి అక్షరాలుగా లెక్కకు వస్తాయి, పైగా ఒక్కో గుర్తుకు సాధారణంగా రెండు అక్షరాల చోటు పడుతుంది. "మిర్యాలగూడ" అన్న ఒక్క మాటలోనే అలాంటి గుర్తులు 10 ఉన్నాయి. ఒకే మనిషికి రెండు నంబర్లు ఉంటే అవి రెండు వేర్వేరు పేర్లుగా విడిపోతాయి, ఫొటో అయితే అసలు రాదు.

సిమ్‌ను నమ్మకూడదనడానికి మరో కారణం ఉంది. కార్డు పోయినా, పాడైనా, నెట్‌వర్క్ మారినా మనకు కొత్త కార్డు ఇస్తారు. నంబరు మనదే వస్తుంది, కానీ దాని మీద పేర్ల జాబితా ఖాళీగా ఉంటుంది. ఆ జాబితా ఉండేది ఆ పాత ముక్క మీదే తప్ప కంపెనీ దగ్గర కాదు. మీరు ఈ మధ్య సిమ్ మార్చి ఉంటే, పాత కార్డు ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. అది పని చేయని నంబరుదైనా సరే, చెడిపోకపోతే ఫోన్‌లో వేసి దాని మీది పేర్లను చదవవచ్చు.

అందుకని నేను చేసిన పద్ధతి వేరు, మీకూ అదే చెబుతాను. పాత ఫోన్‌లో గూగుల్ వారి కాంటాక్ట్స్ యాప్ తెరిచి, కింద ఉన్న Organize లోకి వెళ్లి, Export to file నొక్కండి. కొన్ని ఫోన్లలో ఈ చోటును Fix & manage అంటారు. ఏ చోట్ల నుంచి తీయాలని అడిగితే Device మీద తప్పకుండా టిక్ పెట్టండి, జీమెయిల్ మీద కూడా పెడితే నష్టం లేదు. contacts.vcf అనే ఫైలు తయారవుతుంది. అందులో పేర్లు తెగకుండా, రెండో నంబరుతో సహా ఉంటాయి. ఆ ఫైలును బ్లూటూత్‌లో గానీ మీకు మీరే మెయిల్ చేసుకుని గానీ కొత్త ఫోన్‌కు పంపండి.

కొత్త ఫోన్‌లో అదే యాప్‌లో Import from file నొక్కినప్పుడు, ఎందులోకి చేర్చాలని అడిగే చోట ఒక్క క్షణం ఆగండి. అక్కడ మీ జీమెయిల్ చిరునామానే ఎంచుకోవాలి. తొందరలో Device నొక్కితే పేర్లన్నీ కనిపిస్తాయి, పని అయిపోయిందనిపిస్తుంది, కానీ అవి మళ్లీ అదే ఖాతా లేని చోటుకు చేరుతాయి. తర్వాతి ఫోన్ మార్చేటప్పుడు ఇదే ప్రశ్న మళ్లీ అడగవలసి వస్తుంది.

పని పూర్తయిందో లేదో ఫోన్ తెర మీద చూసి తేల్చకండి, అక్కడ మళ్లీ అన్నీ కలిసిపోయి కనిపిస్తాయి. కంప్యూటర్‌లో గానీ బ్రౌజర్‌లో గానీ contacts.google.com తెరిచి, అదే జీమెయిల్‌తో లాగిన్ అయి, జాబితా పైన ఉన్న సంఖ్య చూడండి. అక్కడ కనిపించేవి మాత్రమే ఖాతాలో నిజంగా ఉన్నట్టు. సిమ్ మీద మాత్రమే ఉన్న పేర్లు ఆ లెక్కలో రావు. వాటిని కొత్త ఫోన్‌లో Manage SIM అనో Import from SIM అనో ఉన్న చోటు నుంచి విడిగా జీమెయిల్‌లోకి చేర్చుకోవాలి.

ఇలా చేర్చాక కొన్ని పేర్లు రెండేసి కనిపిస్తాయి, పూర్తి పేరుతో ఒకటి, సిమ్ నుంచి వచ్చిన తెగిన పేరుతో మరొకటి. Merge & fix లో వాటిని కలపమని యాప్ సూచిస్తుంది. అన్నీ ఒకేసారి కలిపేసే బటన్ కంటే ఒక్కొక్కటిగా చూసి కలపడమే మేలని నా అభిప్రాయం, ముఖ్యంగా వ్యాపారపు నంబర్లయితే. ఏదైనా పొరపాటున తీసేసినా ఖాతాలోని Trash లో 30 రోజులు ఉంటుంది. ఫోన్ సొంత నిల్వలోని పేర్లకు ఆ భరోసా లేదు.

మీ పాత ఫోన్‌లో పేర్ల పక్కన మీకు తెలియని జీమెయిల్ చిరునామా కనిపించే అవకాశం కూడా ఉంది. ఫోన్ అమ్మినప్పుడు దుకాణంలోని అబ్బాయి అప్పటికప్పుడు ఒక ఖాతా తెరిచి ఇవ్వడం మన ఊళ్లలో మామూలే, దాని పాస్‌వర్డ్ తర్వాత ఎవరికీ గుర్తుండదు. పాత ఫోన్ ఇంకా ఆ ఖాతాలో లాగిన్ అయి ఉంటే పాస్‌వర్డ్ అవసరం లేదు. Export to file దగ్గర ఆ చిరునామా మీద కూడా టిక్ పెడితే అందులోని పేర్లు కూడా ఫైలులోకి వస్తాయి.

ఇది చదివేవారిలో పాత ఫోన్‌ను ఇప్పటికే రీసెట్ చేసినవారు ఉంటే, కొత్త ఫోన్‌లో Restore contacts అనే చోటును ఒకసారి చూడాలి. పాత ఫోన్‌లో గూగుల్ బ్యాకప్ ఆన్‌లో ఉండి ఉంటే ఆ ఫోన్ పేరు అక్కడ కనిపిస్తుంది, దాని సొంత నిల్వలోని పేర్లు కూడా తిరిగి రావచ్చు. బ్యాకప్ లేకపోతే ఆ పేర్లు తిరిగి రావు. వాట్సాప్ చాట్లలో, కాల్ జాబితాలో మిగిలిన నంబర్లను చూసి మళ్లీ ఒక్కొక్కటిగా రాసుకోవడమే మిగులుతుంది.

చివరగా కొత్త ఫోన్‌లో కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్ తెరిచి, Default account for new contacts దగ్గర మీ జీమెయిల్‌ను పెట్టండి. మామ ఫోన్‌లో అది పెట్టాక, నిజంగా పని చేస్తుందో లేదో చూడటానికి ఒక డ్రైవర్ నంబరును కొత్తగా దాచి, నా ఫోన్ బ్రౌజర్‌లో ఆయన ఖాతా తెరిచి చూశాను. కాసేపటికే ఆ పేరు అక్కడ కనిపించింది. మీరు కూడా అలా ఒక పేరుతో పరీక్షించుకుని, ఖాతాలోని సంఖ్య పాత ఫోన్ లెక్కకు దగ్గరగా ఉందని చూసుకున్నాకే పాత ఫోన్ అమ్మకానికి పెట్టండి.