పొద్దున నడక, రాత్రి ఊపిరి

"ఆఫీసు టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. రోజుకి అరగంటకి మించి కుదరదు. యోగా మొదలుపెట్టాలా, వేగంగా నడవాలా?"

నడవండి. పొద్దున్నే, ఆరుబయట. యోగాలో ఒక్క ముక్క మాత్రం తీసుకుని దాన్ని రాత్రికి ఉంచుకోండి. ఎందుకంటున్నానో నాకు జరిగిందే చెప్తాను.

నేను పర్లాకిమిడిలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మార్చి నెల వచ్చిందంటే మా సెక్షన్‌లో ఎవరి మొహంలోనూ కళ ఉండదు. రెండేళ్ళ క్రితం మార్చిలో నాకు నిద్ర పూర్తిగా చెడింది. పదకొండుకి పడుకుంటే పన్నెండున్నర దాకా ఫ్యాన్ కేసి చూస్తూ ఉండేవాణ్ణి, ఎలాగో పట్టిన నిద్ర మూడింటికి తెగిపోయేది, ఇక అక్కణ్ణుంచి తెల్లారేదాకా ఎక్కడ తేడా వచ్చిందా అని బిల్లులే కళ్ళముందు తిరిగేవి. మా సెక్షన్‌లో ఒరియా అతను ఒకడున్నాడు, నన్ను "భాయినా" అంటాడు. అతనే యోగా క్లాసుకి తీసుకెళ్ళాడు. ఆఫీసు నుంచి ఏడున్నరకి గాని బయటపడం కాబట్టి ఎనిమిదింటి బ్యాచ్‌లో చేరాను.

అక్కడ పన్నెండు సూర్య నమస్కారాలు, తర్వాత భస్త్రిక, తర్వాత కపాలభాతి. అదయ్యేసరికి ఒళ్ళంతా చెమట, మనసుకి మహా హుషారు. ఇంటికొచ్చి తొమ్మిదిన్నరకి అన్నం తిని పడుకుంటే గుండె కొట్టుకోవడం చెవిలో వినిపించేది. నిద్ర పట్టేసరికి ఒంటిగంటన్నర. అదీ రోజూ. సాధన చాలడం లేదేమో అనుకుని నెల రోజులు ఇంకా గట్టిగా చేశాను. ఆ నెలంతా వృథా అయిపోయిందని ఇప్పటికీ బాధే. భస్త్రిక, కపాలభాతి రెండూ మనిషిని లేపే ప్రాణాయామాలు, గబగబా ఊపిరి కొట్టి ఒంటిని వేడెక్కిస్తాయి. ఖాళీ కడుపుతో పొద్దున చేసుకోవలసినవి. నిద్ర పట్టక వచ్చానని చెప్పుకున్నవాడికి రాత్రి ఎనిమిదిన్నరకి అవి చేయించడం ఏమిటి? వచ్చినవాళ్ళందరికీ ఒకే వరుస చేయించే క్లాసులంటే నాకు అందుకే కోపం. బీపీ ఉన్నవాళ్ళు కూడా నా పక్కనే కూర్చుని కపాలభాతి కొట్టేవారు, ఎవరూ అడిగేవారు కాదు.

నడక నేర్పింది మా మావయ్య. ఆయనది పాతపట్నం. ఇక్కడివాళ్ళకి తెలుసు, మహేంద్రతనయ నదికి ఇటు మేము, అటు వాళ్ళు, రాష్ట్రాలే వేరు గాని ఊళ్ళు ఒకటే. ఒక ఆదివారం పొద్దున్నే వంతెన దాటి నీలమణి దుర్గ గుడి వైపు ఆయనతో బయల్దేరాను. నేను ఫోన్ చూసుకుంటూ వస్తున్నాను. ఆయన ఆగి, "ఇదేటి నడకరా అల్లుడూ, పది సెకన్లలో ఎన్ని అడుగులు పడతన్నాయో లెక్కపెట్టు" అన్నాడు. లెక్కపెడితే పదమూడు. అంటే నిమిషానికి ఎనభై లోపే. "ఫోన్ జేబులో పెట్టు, పంతొమ్మిదీ ఇరవై పడాల" అని తను ముందు నడిచాడు. నిమిషానికి వంద అడుగులు దాటితేనే అది వేగం నడక కిందకి వస్తుందని తర్వాత తెలిసింది. గడియారం లేకపోయినా పట్టుకోవచ్చు: పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఊపిరి అందకూడదు. నాకైతే వంతెన మధ్యలోకి వచ్చేసరికే మాట తెగుతోంది. పడమటి గట్టు దాకా ఎండ పరుచుకుంది, మా మొహాల మీద కూడా.

ఆ ఎండే అసలు మందు అని నా నమ్మకం. మన ఒంట్లో నిద్రకి ఒక గడియారం ఉంది, దాన్ని సరిచేసేది ముఖ్యంగా వెలుతురు. పొద్దున వెలుతురు కంట్లో పడితే ఆ రాత్రి నిద్ర పెందలాడే వస్తుంది, రాత్రి పొద్దుపోయాక పడితే ఆలస్యమవుతుంది. మా ఆఫీసు ట్యూబ్‌లైట్ల వెలుగు నాలుగైదు వందల లక్స్ ఉంటే గొప్ప, మబ్బు పట్టిన రోజున కూడా బయట వేలల్లో ఉంటుంది. పొద్దుటి నుంచి ఆ ట్యూబ్‌లైట్ల కిందే కూర్చుని, రాత్రి ఫోన్ మొహానికి పెట్టుకుని పడుకుంటే ఒంటికి పగలేదో రాత్రేదో ఎలా తెలుస్తుంది? అందుకే తలుపులు మూసి ట్రెడ్‌మిల్ మీద నడిచేవాళ్ళని చూస్తే సగం ఫలితం వదులుకుంటున్నారనిపిస్తుంది. సాయంత్రం ఆరింటికి నడిచినా తప్పేం లేదు, ఒంటికి మంచిదే, కానీ ఆ వెలుతురు రాదు. పడుకోబోయే గంట ముందు మాత్రం చెమట పట్టేలా ఏదీ వద్దు.

మొదటి వారం నాకేం తేడా రాలేదు, మీకూ రాకపోవచ్చు, మానేయకండి. మూడో వారానికి పదకొండుంబావుకి కళ్ళు మూతపడడం మొదలైంది. ఆదివారం తొమ్మిదింటిదాకా పడుకుంటే మాత్రం సోమవారం రాత్రి మళ్ళీ మొదటికొచ్చేది, అందుకని ఇప్పుడు ఆదివారమూ ఆరింటికే లేస్తున్నాను. సాయంత్రం ఐదింటి టీ కూడా మానేశాను. దాని ప్రభావం సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది.

మూడింటి మెలకువ మాత్రం నడకకి లొంగలేదు. అక్కడ పనిచేసింది యోగాలో నేను చెప్పిన ఆ ఒక్క ముక్క. వెల్లకిలా పడుకుని కాళ్ళు గోడకి ఆనించి, నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పది నిమిషాలు. మధ్యలో ఊపిరి బిగబట్టొద్దు. గ్లకోమా ఉన్నవాళ్ళు కాళ్ళు పైకెత్తకుండా మామూలుగా పడుకునే చేయండి. ఎలా పనిచేస్తుందో మీ వేళ్ళకే తెలుస్తుంది: మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి, పీల్చేటప్పుడు కాస్త జోరుగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదలడం పొడుగు చేస్తే ఆ నెమ్మది వాటా పెరుగుతుంది. మా ఆవిడ పక్కన కూర్చుని చూసి, "ఏవండీ, మీ దవడ ఇప్పుడు వదులైంది" అంది. దవడ బిగబట్టుకుని పడుకుంటున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. పడుకునే ముందు ఒకసారి చేస్తాను. మూడింటికి మెలకువ వస్తే మంచం మీదే చేస్తాను, ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే లేచి ముందుగదిలో చిన్న దీపం పెట్టుకుని కూర్చుంటాను, కళ్ళు మూతపడ్డాకే మళ్ళీ మంచమెక్కుతాను. అటూ ఇటూ దొర్లుతూ ఉంటే మంచం చూడగానే మెలకువ వచ్చే అలవాటు పడుతుంది.

ఈ మార్చిలో కూడా నాలుగైదు రాత్రులు పోయాయి. కానీ నెలంతా పోలేదు.

కాబట్టి మీ అరగంటలో ఇరవై నిమిషాలు పొద్దున నడకకి, పది రాత్రి ఊపిరికి ఇవ్వండి. ఒక్క విషయం మాత్రం ముందే తేల్చుకోండి. నన్ను క్లాసుకి తీసుకెళ్ళిన ఆ ఒరియా తమ్ముడు నాతో పాటు రెండు నెలలు నడిచాడు, ఎనిమిది గంటలు పడుకునేవాడు, అయినా మధ్యాహ్నం ఫైలు మీదే తూలేవాడు. చివరికి నిద్ర పరీక్ష చేయిస్తే రాత్రంతా ఊపిరి ఆగి ఆగి వస్తోందని తేలింది. దానికి వేరే వైద్యం ఉంది, ఎంత నడిచినా, ఎన్ని ఆసనాలు వేసినా ఆ వైద్యానికి బదులు కావు. మీరు గట్టిగా గురక పెడుతున్నారేమో, మధ్యలో ఊపిరి ఆగుతోందేమో మీకు తెలిసే దారి లేదు, ఇవాళ రాత్రే ఇంట్లోవాళ్ళని కాసేపు మేలుకుని చూడమనండి.