మెయిల్‌లో ప్రతి పనికీ సారీ చెప్పే కొత్త టీమ్ లీడ్‌కి

ప్రశ్న: ఈ మధ్యే టీమ్ లీడ్ అయ్యాను. నిన్నటిదాకా పక్కన కూర్చుని పనిచేసినవాళ్లకే ఇప్పుడు పని చెప్పాలి. సారీ, ఏమీ అనుకోకండి అని లేకుండా మెయిల్ రాయలేకపోతున్నాను. బతిమాలుతున్నట్టు ఉందని మేనేజర్ అన్నారు. అవి తీసేస్తే పొగరు అనుకోరా?

జవాబు: ఊరికే తీసేస్తే అలాగే అనుకుంటారు. అందుకే తీసేసిన చోట ఏం పెట్టాలో ముందు తెలియాలి. మీలాంటివాళ్లు రాసే మెయిల్ సాధారణంగా ఇలా ఉంటుంది:

"సారీ, డిస్టర్బ్ చేస్తున్నాను. మీరు బిజీ అని తెలుసు. వీలైతే టెస్ట్ రిపోర్ట్ ఒకసారి పంపగలరా? కుదరకపోతే పర్లేదు."

ఇందులో సారీ కన్నా ఎక్కువ నష్టం చేసేది చివరి వాక్యం. పని చేయకపోయినా ఫర్వాలేదని మీరే చెప్పేశారు. పైగా ఎప్పటికి కావాలో, ఎందుకు కావాలో లేదు. గడువున్న పనులు ఇంకో నాలుగు ఉన్నప్పుడు అవతలివాళ్లు దీన్ని పక్కన పెట్టడం సహజం. అదే మెయిల్ ఇలా రాయండి:

"టెస్ట్ రిపోర్ట్ గురువారం సాయంత్రం 4 గంటలకల్లా పంపండి. శుక్రవారం ఉదయం క్లయింట్‌కి చూపించాలి. ఆ టైమ్‌కి కష్టమనిపిస్తే బుధవారం మధ్యాహ్నంలోగా చెప్పండి, ఏ భాగం ముందు కావాలో చూసుకుందాం."

మర్యాద రెండో, మూడో వాక్యాల్లో ఉంది. కారణం చెప్పారు, ఇబ్బంది ఉంటే చెప్పుకునే దారీ ఇచ్చారు. ఆ రెండూ కోసేసి మొదటి వాక్యం ఒక్కటే పంపితే మీరు భయపడే పొగరు కనిపిస్తుంది.

రాసేటప్పుడే ఆపుకోవాలని చూడకండి, చెయ్యి ఆగిపోతుంది. అలవాటుగా రాసేసి, పంపేముందు మెయిల్‌లో సారీ ఎక్కడెక్కడ ఉందో వెతకండి. దొరికిన ప్రతిచోటా, దీనివల్ల అవతలివాళ్లకి నేను చేసిన నష్టం ఏమిటి అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు లేకపోతే కొట్టేయండి. నష్టం నిజమైతే ఉంచండి, కానీ ఒక్కసారే, దిద్దుబాటుతో కలిపి: "నిన్నటి షీట్‌లో తేదీ తప్పు పడింది, సారీ. సరైనది జత చేశాను, పాతది వాడకండి." మీ జవాబు ఆలస్యమై వాళ్ల పని ఆగిపోయినప్పుడు కూడా సారీయే సరైన మాట. అక్కడ "ఓపిక పట్టినందుకు థాంక్స్" అంటే తప్పించుకున్నట్టు ఉంటుంది.

అసలు కష్టం గుర్తుచేసే మెయిల్‌తో వస్తుంది. గడువు దాటింది వాళ్లు, "మళ్లీ అడుగుతున్నందుకు సారీ" అని రాసేది మీరు. దాని బదులు, "రిపోర్ట్ నిన్న 4 గంటలకి రావాలి, ఇంకా అందలేదు. ఎక్కడ ఆగింది? ఇవాళ 12 లోపు ఎంతవరకు పంపగలరు?" అని రాయండి. దానికీ జవాబు రాకపోతే మూడో మెయిల్ వద్దు, ఫోన్ చేసి మాట్లాడండి. ఒప్పుకున్న కొత్త టైమ్‌ని తర్వాత రెండు లైన్లలో మెయిల్ పెట్టండి.