టాక్ అయ్యాక పంపే మెయిల్‌లో ఐదు ఐడియాలు వద్దు, ఒక్కటి చాలు

"మేడమ్, నేను బ్యాటరీల మీద పోస్ట్‌డాక్ చేస్తున్నా. సోమవారం ఒక ఫ్యాకల్టీ పోస్టుకి సెమినార్ టాక్ ఇచ్చి వచ్చా. టాక్ బాగానే జరిగింది కానీ ఒక ప్రొఫెసర్ గారు 'సెల్ పాతబడ్డాక రెసిస్టెన్స్ పెరిగింది కాథోడ్ వల్లే అని ఎలా చెప్తున్నారు, యానోడ్ వల్ల కాదా' అని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయా. ఇప్పుడు అందరికీ థాంక్స్ చెప్తూ, అక్కడ ఐదుగురు ఫ్యాకల్టీతో చెయ్యగల ఐదు కొలాబరేషన్ ఐడియాలు రెండు పేజీల పీడీఎఫ్‌లో పెట్టి ఒకే మెయిల్‌లో పంపుదామనుకుంటున్నా. పంపొచ్చా? రిజల్ట్ ఎప్పుడొస్తుందో కూడా అందులోనే అడగొచ్చా?"

ఆ పీడీఎఫ్ పంపకండి. రిజల్ట్ గురించి కూడా అందులో అడగకండి. మెయిల్ మాత్రం పంపండి, కానీ ఆ ప్రశ్న అడిగిన ప్రొఫెసర్ గారికి ఒక్కరికే, అది కూడా ఆ ప్రశ్న మీదే. మీరు సరిగ్గా చెప్పలేకపోయా అని బాధపడుతున్నారు చూడండి, అసలు మీ దగ్గరున్న కొలాబరేషన్ ఐడియా అదే, మిగతా ఐదూ వాళ్ల వెబ్‌పేజీలు చూసి అల్లినవి అని చదివినవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

నేను ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో ఒక సెర్చ్ కమిటీలో కూర్చున్నా, అప్పుడు ఒక క్యాండిడేట్ నలుగురికి నాలుగు మెయిల్స్ పంపాడు, పేరా మొత్తం అదే, పేరూ టెక్నిక్ పేరూ మాత్రం మార్చాడు, ఒకదాంట్లో అదీ మార్చడం మర్చిపోయాడు. మేం మధ్యాహ్నం టీ దగ్గర ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. పాపం టాక్ బాగా ఇచ్చినవాడే. ఫ్యాకల్టీ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు అన్న సంగతి క్యాండిడేట్లు ఎందుకో మర్చిపోతారు.

ముందు ఒక మాట నిజంగా చెప్తా, ఈ మెయిల్ వల్ల ఉద్యోగం రాదు. టాక్, రికమెండేషన్ లెటర్లు, పబ్లికేషన్లు, బోర్డు మీద రాస్తూ ముందు చెయ్యబోయే రీసెర్చ్ వివరించే చాక్ టాక్ ఉంటే అది, వీటి మీదే నిర్ణయం ఉంటుంది. కానీ మీటింగ్‌లో మీ పేరు వచ్చినప్పుడు "ఆ కాథోడ్ ప్రశ్నకి ఆయన దగ్గర సమాధానం లేదు కదా" అని ఎవరో ఒకరు అంటారు, ఆ ప్రశ్న వేసిన మనిషి దగ్గర మీ మెయిల్ ఉంటే "లేదు, తర్వాత రాశాడు, ఎలా తేలుస్తాడో చెప్పాడు" అనగలరు. ఈ మెయిల్ చెయ్యగలిగింది అంతవరకే. అందుకే మీటింగ్‌కి ముందు చేరాలి. మీ టాక్ అయింది సోమవారం కాబట్టి బుధ గురువారాల్లో పంపండి. పిలిచిన హోస్ట్‌కీ కమిటీ చైర్‌కీ రెండు మూడు లైన్ల థాంక్స్ మెయిల్ మాత్రం ఈరోజే విడిగా పెట్టేయండి, దాంట్లో సైన్స్ వద్దు. ఇంకోటి, కొన్ని చోట్ల సెలక్షన్ అయ్యేదాకా క్యాండిడేట్ చైర్‌తోనో ఆఫీస్‌తోనో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదని రూల్ ఉంటుంది, మీకొచ్చిన ఇన్విటేషన్ మెయిల్ ఒకసారి మళ్లీ చదవండి, అలాంటి లైన్ ఉంటే చైర్‌ని అడిగి పంపండి.

ఇక అసలు విషయం. ఆయన అడిగింది చాలా న్యాయమైన ప్రశ్న. మామూలు కాయిన్ సెల్‌లో రెండే ఎలక్ట్రోడ్లు ఉంటాయి కాబట్టి ఇంపీడెన్స్ కొలిస్తే కాథోడ్‌దీ యానోడ్‌దీ కలిసే వస్తుంది, ప్లాట్‌లో రెసిస్టెన్స్‌ని చూపించే అర్ధవృత్తం పెద్దదైంది అంటే ఎవరి వల్ల పెద్దదైందో ఆ ఒక్క కొలతలో కనపడదు. మీరు కాథోడ్ అని నమ్మారు, ఆయన యానోడ్ మీద పేరుకునే పొర సంగతేంటి అన్నారు. దీన్ని తేల్చడానికి కొత్త మెషిన్ ఏదీ అక్కర్లేదు. ఒకేలా వాడిన రెండు పాత సెల్స్‌ని ఒకే ఛార్జ్ దగ్గర, సగం దగ్గర అనుకోండి, ఆపి గ్లవ్ బాక్స్‌లో విప్పాలి. రెండు కాథోడ్లూ కలిపి ఒక సెల్, రెండు యానోడ్లూ కలిపి ఒక సెల్ కట్టి మళ్లీ కొలవాలి. దీన్నే సిమెట్రిక్ సెల్ అంటారు, మీకు తెలిసిందే, ఆ క్షణంలో నోటికి రాలేదంతే. ఇలాగే ఫార్మేషన్, అంటే మొదట్లో చేసే కొద్దిపాటి ఛార్జింగ్, మాత్రమే అయిన రెండు కొత్త సెల్స్‌తో కూడా చెయ్యాలి, లేకపోతే దేంతో పోల్చాలో తెలీదు.

అంకెలు ఊరికే ఉదాహరణకి వేసి చూద్దాం, అర్ధవృత్తం వెడల్పు మాత్రమే తీసుకుందాం. కొత్త సెల్‌లో 20 ఓమ్‌లు, పాతదాంట్లో 60. పాత కాథోడ్ జంట 80 చూపిస్తే ఒక్క కాథోడ్‌ది 40, పాత యానోడ్ జంట 40 చూపిస్తే ఒక్కదానిది 20. రెండూ కలిపితే 60, విప్పకముందు సెల్ చూపించిందీ అదే కాబట్టి విప్పేటప్పుడు పెద్దగా ఏమీ చెడలేదని అర్థం. ఈ కూడిక కుదరకపోతే మాత్రం అక్కడే ఆగాలి, కడిగినప్పుడు పై పొర పోయి ఉండొచ్చు, రెండు సెల్స్ ఒకే ఛార్జ్‌లో లేకపోయి ఉండొచ్చు. ఇప్పుడు కొత్తవాటిలో కాథోడ్ 12, యానోడ్ 8 వచ్చాయనుకుంటే, పెరిగిన 40లో కాథోడ్ వాటా 28, యానోడ్ వాటా 12. అంటే మీరన్నది చాలావరకు కరెక్టే, కానీ ఆయనన్నదీ ఉత్తి మాట కాదు.

ఇక్కడిదాకా మీరొక్కరే చేసుకోగలరు, కొలాబరేషన్ అవసరం లేదు. ఆ 12 ఎందుకొచ్చింది అనే దగ్గర ఆయన అవసరం పడుతుంది. యానోడ్ రెసిస్టెన్స్ దానంతట అదే పెరిగిందా, లేక కాథోడ్‌లోంచి కరిగిన నికెల్, మాంగనీస్ ఎలక్ట్రోలైట్ గుండా వెళ్లి గ్రాఫైట్ మీద కూర్చోవడం వల్ల పెరిగిందా? రెండోదైతే యానోడ్ పెరుగుదలకి మూలం కూడా కొంత కాథోడే. ఇంపీడెన్స్ ఇది చెప్పదు. ఆయన గ్రూప్‌లో ఎక్స్‌పీఎస్ చేస్తారా, లేకపోతే అలాంటి సర్ఫేస్ టెక్నిక్ ఏదైనా ఉందా చూడండి, ఎక్స్‌పీఎస్ పైన సుమారు 10 నానోమీటర్ల లోతే చూస్తుంది, ఆ పొరలో ఏ మెటల్ ఉందో చెప్తుంది, సరిగ్గా ఇక్కడ కావాల్సింది అదే. ఒకవేళ వాళ్ల దగ్గర అలాంటిదేమీ లేకపోతే కొలాబరేషన్ మాట ఎత్తకుండా సమాధానం వరకే రాయండి, అది కూడా మంచి మెయిలే.

మెయిల్‌లో విషయం ఇలా ఉంటే చాలు, మీ మాటల్లో, పోస్టుకి అప్లై చేసిన భాషలో రాసుకోండి:

"ప్రొఫెసర్ గారికి, సోమవారం నా టాక్‌లో రెసిస్టెన్స్ పెరుగుదల కాథోడ్‌దా యానోడ్‌దా అని మీరు అడిగారు. నేను చూపించిన డేటాతో రెండిటినీ విడదీయలేం, ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. సిమెట్రిక్ సెల్స్‌తో విడదీయొచ్చు, రెండు కొత్తవి, రెండు వాడినవి, మొత్తం నాలుగు సెల్స్ చాలు. యానోడ్ వాటా కొంతైనా ఉందని తేలితే, కాథోడ్ నుంచి వచ్చిన నికెల్ గ్రాఫైట్ పైపొరలో ఉందా అన్నది తర్వాతి ప్రశ్న, దానికి మీ ఎక్స్‌పీఎస్ సరిపోతుందనిపించింది. నికెల్ కనపడకపోతే ఈ ఆలోచన అక్కడితో వదిలేయొచ్చు. గాలి తగలకుండా తెచ్చిన శాంపిల్స్ మీ సెటప్‌లోకి ఎక్కించడం కుదురుతుందా? మీ ప్రశ్నకి థాంక్స్."

ఇంతే. అటాచ్‌మెంట్ లేదు, "మీతో పనిచెయ్యడం నా అదృష్టం" లేదు. చివర్లో ఒకే ఒక ప్రశ్న ఉంది, అది కూడా ఆయన ఒక లైన్‌లో జవాబివ్వగలిగేది. నికెల్ కనపడకపోతే వదిలేయొచ్చు అన్న వాక్యం తీసేయకండి, నా మటుకు మెయిల్ మొత్తంలో బరువున్న లైన్ అదే, ఎప్పుడు ఆపాలో తెలిసినవాడితో పనిచెయ్యడానికి జనం ఒప్పుకుంటారు.

ఆ మెయిల్‌లో "నేను శాంపిల్స్ పంపిస్తా" అని నేను కావాలనే రాయలేదు, గమనించారా? ఆ సెల్స్ మీవి కావు, ఇప్పుడు మీరు పనిచేస్తున్న ల్యాబ్‌వి. మీ పీఐని, అంటే ఆ ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌ని, అడక్కుండా బయటి గ్రూప్‌కి శాంపిల్స్ గానీ, పబ్లిష్ కాని డేటా గానీ ఇస్తానని రాస్తే పెద్ద తలనొప్పి, చాలా చోట్ల మెటీరియల్ బయటికి వెళ్లాలంటే ఒప్పందం కాగితం కూడా కావాలి. మీరు వేరే ఉద్యోగం చూస్తున్నట్టు మీ పీఐకి తెలుసో లేదో మీరు రాయలేదు, రికమెండేషన్ ఆయనే ఇచ్చి ఉంటే తెలిసే ఉంటుంది, అప్పుడు ముందు ఆయన్ని ఒక మాట అడిగేయండి. టాక్‌లో స్క్రీన్ మీద చూపించిన దాని గురించి రాయడంలో ఇబ్బంది లేదు, చూపించనిది మాత్రం అడగకుండా రాయొద్దు.

ఫ్యాకల్టీ పోస్టులో ఇంకో చిక్కు ఉంది. మిమ్మల్ని తీసుకునేది సొంత గ్రూప్ నడపడానికి, ఎవరి ల్యాబ్‌కో అనుబంధంగా ఉండటానికి కాదు. మీ మొత్తం ప్లాన్ ఆయన మెషిన్ మీద ఆధారపడినట్టు కనిపిస్తే, ఆయనకి నచ్చొచ్చు గానీ కమిటీలో ఇంకొకరు "ఈయన ఇండిపెండెంట్‌గా ఏం చేస్తాడు" అంటారు. అందుకే పైన మొదటి భాగం మీరొక్కరే చేసేలా, రెండో భాగానికే ఆయన వచ్చేలా పెట్టా. అదే ఇది ఒకరి ల్యాబ్‌లో సైంటిస్ట్ పోస్టో ఇంకో పోస్ట్‌డాకో అయితే లెక్క తిరగబడుతుంది, అక్కడ టాక్ విన్న పీఐనే మీ బాస్, కొలాబరేషన్ అనే మాటే వింతగా ఉంటుంది, "చేరితే మొదటి మూడు నెలల్లో మీ సెటప్ మీద ఇది చూస్తా" అని రాయాలి.

జవాబు రాకపోతే మళ్లీ గుర్తుచెయ్యకండి. సెలక్షన్ నడుస్తుండగా చాలామంది క్యాండిడేట్‌కి కావాలనే రాయరు, దాంట్లోంచి ఏ అర్థమూ తియ్యొద్దు. "బాగుంది, మాట్లాడదాం" అని వచ్చినా అది సైన్స్ గురించే, ఉద్యోగం గురించి కాదు, కాల్‌లో ఆయన్ని కమిటీ సంగతులు అడిగి ఇబ్బంది పెట్టొద్దు. రిజల్ట్ ఎప్పుడో తెలుసుకోవాలంటే వాళ్లు చెప్పిన గడువు దాటాక చైర్‌కి ఒక లైన్ రాయండి, గడువేమీ చెప్పకపోతే రెండు మూడు వారాలు ఆగి రాయండి, చేతిలో వేరే ఆఫర్ ఉంటే మాత్రం ఆగక్కర్లేదు, దాని డెడ్‌లైన్ తేదీతో సహా చైర్‌కి వెంటనే చెప్పాలి.

ఆ రెండు పేజీల పీడీఎఫ్ డిలీట్ చెయ్యకండి. మళ్లీ పిలిచి ఒక్కొక్క ఫ్యాకల్టీతో అరగంట చొప్పున మీటింగ్స్ పెడితే, తలుపు తీసేముందు ఆ మనిషికి సంబంధించిన పేరా ఒకసారి చూసుకోవడానికి పనికొస్తుంది.