ధమని సగం సన్నబడినా రక్త ప్రవాహం 16వ వంతుకు ఎందుకు పడిపోదు?

ప్రశ్న: నాళం వ్యాసార్ధం సగమైతే ప్రవాహం 16వ వంతుకు తగ్గుతుందని మా పుస్తకంలో ఉంది. మరి గుండె ధమని సగం సన్నబడినవాళ్లకు ఊరికే కూర్చున్నప్పుడు ఏ నొప్పీ ఎందుకు ఉండదు?

జవాబు: ఆ 16వ వంతు లెక్క పోయిసెయ్ సూత్రం నుంచి వచ్చింది. అది సరైనదే, కానీ గొట్టం మొత్తం సన్నబడి, దాని రెండు చివరల మధ్య పీడన భేదం మారకుండా ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ధమనిలో సన్నబడిన చోటు సాధారణంగా పొడవైన దారిలో ఒక చిన్న ముక్క మాత్రమే.

ఫిజియాలజీ ప్రయోగశాలలో పాఠం చెప్పే రోజుల్లో ఈ సూత్రాన్ని ప్రత్యక్షంగా చూపించబోయి నేను ఒకసారి భంగపడ్డాను. ఎత్తున నీళ్ల డబ్బా పెట్టి, దానికి పొడవాటి రబ్బరు గొట్టం తగిలించి, గొట్టం చివర ఒక కుళాయి అమర్చాను. కుళాయిని కొద్దిగా మాత్రమే తిప్పి ఉంచి, గొట్టం నడుమ క్లాంపు బిగించి సగం వరకు నొక్కాను. అంతకుముందు 52 సెకన్లలో నిండిన సీసా ఇప్పుడు 53 సెకన్లలో నిండింది. విద్యార్థులు నవ్వారు. క్లాంపును ముట్టుకోకుండా కుళాయిని పూర్తిగా తిప్పాక అసలు విషయం బయటపడింది: క్లాంపు లేనప్పుడు 9 సెకన్లలో నిండే సీసాకు, క్లాంపు ఉన్నప్పుడు 15 సెకన్లు పట్టింది.

గుండె కండరంలో ఆ కుళాయి పాత్ర ధమనికలది, అంటే పెద్ద ధమని చీలగా ఏర్పడిన అతి సన్నని నాళాలది. విశ్రాంతిలో నిరోధంలో అధిక భాగం వాటిదే. లెక్క సులువుగా ఉండటానికి ధమనికల నిరోధం 98, పది సెంటీమీటర్ల పెద్ద ధమని నిరోధం 2, మొత్తం 100 అనుకుందాం. ధమనిలో ఒక్క సెంటీమీటరు వ్యాసార్ధం సగమైతే, ఆ ముక్క నిరోధం 0.2 నుంచి 16 రెట్లు పెరిగి 3.2 అవుతుంది, మొత్తం 103కు చేరుతుంది. అంటే ప్రవాహం మూడు శాతమే తగ్గింది. ఆ కొద్దిపాటి లోటును కూడా ధమనికలు తమ నిరోధాన్ని 98 నుంచి 95కు తగ్గించుకొని, అంటే కాస్త విచ్చుకొని, పూడ్చేస్తాయి.

అదే ముక్క వ్యాసార్ధం నాలుగో వంతుకు కుంచించుకుపోతే దాని నిరోధం 256 రెట్లై 51 దాటుతుంది, పెద్ద ధమని మొత్తం నిరోధం సుమారు 53 అవుతుంది. అప్పుడు కూడా ధమనికలు 47కు దిగితే మొత్తం మళ్లీ 100, కూర్చున్న మనిషికి లోటేమీ తెలియదు. అయితే ఈ సర్దుబాటు ఉచితంగా రాలేదు. పరుగెత్తినప్పుడు వాడుకోవాల్సిన వెసులుబాటును ధమనికలు ముందే ఖర్చు పెట్టేశాయి. అవి పూర్తిగా విచ్చుకున్నప్పుడు వాటి నిరోధం 23 అనుకుంటే, ఆరోగ్యవంతుడిలో మొత్తం 25, ప్రవాహం నాలుగు రెట్లు. ఈ మనిషిలో మొత్తం 76, ప్రవాహం 1.3 రెట్లు మాత్రమే. మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉండి, ఆగితే తగ్గిపోవడానికి కారణం ఇదే.

నిజమైన నాళంలో పరిస్థితి ఈ లెక్క కంటే కొంచెం కఠినంగా ఉంటుంది. ఇరుకు చోట రక్తం వేగం పెరుగుతుంది, అక్కడ గోడపై పీడనం తగ్గుతుంది (పెరుగుతుందని చాలామంది పొరబడతారు). ఇరుకు దాటాక ఆ ధార ఒక్కసారిగా విశాలమై సుడులు తిరగడం వల్ల, పోయిన పీడనంలో కొంత తిరిగి రాదు. ఈ సుడుల నష్టం ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది కనుక, విశ్రాంతిలో దాదాపు కనిపించని అడ్డంకి శ్రమ వేళ పెద్దదవుతుంది.

ఈ కారణంగానే యాంజియోగ్రామ్‌లో కనిపించే శాతం ఒక్కటే చాలదు. వ్యాసంలో 50 శాతం తగ్గుదల అంటే వైశాల్యంలో 75 శాతం తగ్గుదల. రిపోర్టు చదివేటప్పుడు ఏది చెబుతున్నారో చూడకపోతే గందరగోళం తప్పదు. సందేహం ఉన్నప్పుడు వైద్యులు పీడనం కొలిచే సన్నని తీగను ఇరుకు దాటించి, సాధారణంగా అడెనోసిన్ మందుతో ధమనికలను విచ్చుకునేలా చేస్తారు. నా కుళాయిని పూర్తిగా తిప్పినట్టే అన్నమాట. ఇరుకు తర్వాతి పీడనాన్ని మహాధమని పీడనంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్‌ఎఫ్‌ఆర్. అది 0.80 లేదా అంతకంటే తక్కువైతే ఆ ఇరుకు ప్రవాహానికి నిజంగా అడ్డుపడుతున్నట్టు పరిగణిస్తారు. మన లెక్కలో సగం సన్నబడిన ధమనికి ఈ నిష్పత్తి 28లో 23, అంటే 0.82, నాలుగో వంతుకు కుంచించుకున్నదానికి 76లో 23, అంటే సుమారు 0.30.

ఈ గొట్టాల లెక్కతో శ్రమలో వచ్చే నొప్పిని వివరించగలం గానీ, గుండెపోటును ముందే చెప్పలేం. పెద్దగా సన్నబడని చోట కూడా కొవ్వు పేరుకున్న గోడ పగిలి, దానిపై రక్తం గడ్డకట్టి, నాళం కొద్ది నిమిషాల్లోనే మూసుకుపోవచ్చు.