బ్రాంచికి పంపిన సరుకూ టర్నోవరే

ప్రశ్న: మాది విజయవాడలో కరెంటు మోటార్ల హోల్‌సేల్ వ్యాపారం. ఖమ్మంలో బ్రాంచి ఉంది, దానికి వేరే జీఎస్టీ నంబరు. పోయిన ఆర్థిక సంవత్సరంలో విజయవాడ అమ్మకాలు 3.2 కోట్లు, ఖమ్మంవి 1.5 కోట్లు. 5 కోట్లు దాటలేదు కాబట్టి ఈ-ఇన్‌వాయిస్ అక్కర్లేదని మా అకౌంటెంటు అంటున్నాడు. బ్రాంచికి పంపిన 1.2 కోట్ల సరుకు అమ్మకం కాదు కదా? మొన్న 44,000 రూపాయల సరుకుతో ఖమ్మం వెళ్తున్న మా బండిని ఆపి ఈ-వే బిల్లు ఏదని అడిగారు. 50,000 లోపు సరుకుకి కూడా అడగొచ్చా?

జవాబు: మీ అకౌంటెంటు లెక్కలో ఆ 1.2 కోట్లే తప్పిపోయాయి. ఒకే పాన్ మీద రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్లు ఉంటే, జీఎస్టీ చట్టం వాటిని ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగా చూస్తుంది. ఒకరి నుంచి ఇంకొకరికి సరుకు వెళ్తే, డబ్బు చేతులు మారకపోయినా అది సరఫరాయే. పన్ను వేసి బిల్లు ఇవ్వాలి, ఆ విలువ మొత్తం టర్నోవర్లో కలుస్తుంది. కాబట్టి మీది 3.2, 1.5, 1.2 కలిపి 5.9 కోట్లు. పన్ను మొత్తాన్ని ఇందులో కలపరు, పన్ను లేని సరుకు అమ్మితే దాన్ని మాత్రం కలపాలి.

2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ పరిమితి 5 కోట్లు. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాదైనా అది దాటితే చాలు, ఆ తర్వాతి ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. మళ్లీ కిందికి పడిపోయినా బాధ్యత పోదు. ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ మిమ్మల్ని ఇంకా గుర్తించలేదన్నది సాకుగా నిలవదు, మీరే అందులో ఎనేబుల్ చేసుకోవచ్చు. జీఎస్టీ నంబరున్న కొనుగోలుదారులకు, మీ ఖమ్మం బ్రాంచికి ఇచ్చే ప్రతి బిల్లుకీ ఐఆర్‌ఎన్, అంటే ఆ పోర్టల్ ఇచ్చే ప్రత్యేక నంబరు ఉండాలి. నంబరు లేని మామూలు కస్టమర్లకిచ్చే బిల్లులకు అక్కర్లేదు.

ఐఆర్‌ఎన్ లేకపోతే 48(5) నియమం ప్రకారం అది బిల్లే కాదు. మీ దగ్గర కొన్నవాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ చిక్కు వస్తుంది, దారిలో బండికి కూడా ఆ కాగితం రక్ష కాదు. ఏప్రిల్ నుంచి ఐఆర్‌ఎన్ లేకుండా ఇచ్చిన బిల్లులుంటే ఇప్పుడైనా తీసుకోండి. బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు ఐఆర్‌ఎన్ తీసుకోవాలన్న గడువు 10 కోట్లు, ఆ పైన టర్నోవర్ ఉన్నవారికే. జీఎస్టీఆర్-1 లో ఇప్పటికే చూపిన బిల్లులు రెండోసారి చేరకుండా మాత్రం చూసుకోండి.

ఇక ఈ-వే బిల్లు. దీనికి మీ టర్నోవర్‌తో సంబంధం లేదు, ఆ బిల్లు విలువే ముఖ్యం. ఆ విలువను పన్నుతో కలిపి చూస్తారు. 44,000 మీద 18 శాతం 7,920. మొత్తం 51,920. పరిమితి దాటింది, అధికారి అడగడం సబబే. హోల్‌సేల్ వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ 42 వేలకీ 50 వేలకీ మధ్య బిల్లుల దగ్గరే. ఈ మోటార్లకు ఆంధ్రప్రదేశ్ లోపల, తెలంగాణ లోపల తిప్పినా పరిమితి 50,000 రూపాయలే.

బండిలో ఉండాల్సినవి రెండే: బిల్లు, ఈ-వే బిల్లు లేదా దాని నంబరు. ఈ-ఇన్‌వాయిస్ అయితే క్యూఆర్ కోడ్‌ను ఫోన్లో చూపినా చాలని 138ఏ నియమం చెబుతోంది. అమ్మకం కాకుండా రిపేరుకో, జాబ్ వర్క్‌కో పంపితే బిల్లుకు బదులు డెలివరీ చలానా పెట్టాలి.

నా దగ్గరికొచ్చిన ఒక కేసులో డ్రైవర్ చేతిలో ఉన్నది పార్ట్-ఏ స్లిప్ మాత్రమే. సరుకు వివరాలన్నీ ఉన్నాయి, బండి నంబరు లేదు. పార్ట్-బిలో నంబరు ఎక్కిస్తేనే అది ఈ-వే బిల్లవుతుంది. దారిలో బండి చెడి సరుకు ఇంకో బండిలోకి మార్చినా, కదిలే ముందు కొత్త నంబరు ఎక్కించాలి. నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పు పడితే మాత్రం, 2018 సెప్టెంబరు నాటి సర్క్యులర్ ప్రకారం వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టాలి. 129 సెక్షన్ కింద బండిని పట్టుకోకూడదు.

ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. మొదటి రోజు మర్నాటి అర్ధరాత్రి దాకా నడుస్తుంది కాబట్టి ఖమ్మానికి బోలెడు టైముంది. అయినా ఆలస్యమైతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత దాకా పొడిగించుకోవచ్చు. బిల్లులో తప్పు దొర్లితే 24 గంటల్లో రద్దు చేయొచ్చు. ముందు ఈ-వే బిల్లు రద్దు చేయాలి, ఆ తర్వాతే ఐఆర్‌ఎన్.

మీ బండి ఇంకా వాళ్ల అధీనంలోనే ఉంటే, యజమానిగా మీరు ముందుకు రండి. అప్పుడు 129 కింద జరిమానా పన్నుకు రెట్టింపు, అంటే 15,840. రాకపోతే సరుకు విలువలో సగం లేదా పన్నుకు రెట్టింపు, ఏది ఎక్కువైతే అది కట్టాలి, అంటే మీ సరుకుకి 22,000. అధికారి 7 రోజుల్లో ఎంఓవీ-07 నోటీసు ఇవ్వాలి. డబ్బు కట్టేస్తే కేసు అక్కడితో ముగిసినట్టు లెక్క కాబట్టి, కట్టే ముందే ఆ నోటీసు తీసుకుని లిఖితపూర్వకంగా జవాబివ్వండి. జవాబుతో పాటు బిల్లు కాపీ, సరుకు మీ సొంత బ్రాంచికే వెళ్తోందని చూపే రెండు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లూ జతచేయండి.