ఎనిమిదిలో నాలుగు

చి. స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, పాశమైలారం వైపు ఏదో పెద్ద ఫార్ములేషన్ ప్లాంటులో క్యూసీ ఉద్యోగానికి నువ్వు అప్లై చేయాలనుకుంటున్నావని చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత ల్యాబ్ కోటు వేసుకున్నది నువ్వే, అందుకని ఛాతీ కాస్త ఉబ్బిన మాట నిజం. కానీ ఫోన్ పెట్టేముందు వాడు ఇంకో మాట అన్నాడు. "దానికి జీసీ, అదే గ్యాస్ క్రొమటోగ్రఫీ మిషను, నడపడం రాదంట అన్నయ్యా. రూమ్మేటు రెజ్యూమెలో రాసెయ్, ఎవరూ చూడరు అంటోందంట." ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాగితం తీశాను.

నువ్వు పంపిన ప్రకటన మీ నాన్న వాట్సాప్‌లో పెట్టాడు. చదివాను. ఎనిమిది అడిగారు. ఎమ్మెస్సీ ఉంది. హెచ్‌పీఎల్‌సీ, డిసల్యూషన్, ఎంపవర్ సాఫ్ట్‌వేర్, ఈ మూడూ నీకు రోజూ చేతిలో ఉన్న పనులే. నాలుగు నుంచి ఆరేళ్ల అనుభవం అడిగారు, నీకు రెండేళ్ల ఎనిమిది నెలలు. జీసీ లేదు. యూఎస్ ఎఫ్‌డీఏ ఆడిట్‌లో కూర్చోలేదు. మెథడ్ వాలిడేషన్, అంటే పరీక్ష పద్ధతి నమ్మదగినదని రుజువు చేసే పని, సగం వచ్చు. అంటే నాలుగు ఉన్నాయి, మూడు లేవు, ఒకటి అటూ ఇటూ.

ముందు ఒక సంగతి. ఇది సర్కారు నోటిఫికేషన్ అయివుంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. అక్కడ అర్హత అంటే అర్హతే. ఆ తేదీకి సర్టిఫికెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా వెరిఫికేషన్ బల్ల దగ్గర ఆపేస్తారు. ప్రైవేటులోనూ అలాంటివి కొన్ని ఉంటాయి. టెస్ట్ రిపోర్టుల మీద సంతకం పెట్టే అప్రూవ్డ్ కెమిస్ట్ కావాలంటే, డ్రగ్ కంట్రోల్ వాళ్ల దగ్గర ఆ పేరు ఆమోదం పొంది ఉండాలి. అది చట్టం. నీ ప్రకటనలో అలాంటి లైను లేదు, అందుకే మిగతాది రాస్తున్నాను.

ఆ ఎనిమిది లైన్లు ఎలా పుడతాయో నీకు తెలియదు. నేను పదేళ్లు రాశాను కాబట్టి చెప్తున్నా. ఒక మనిషి మానేస్తాడు. హెచ్‌ఆర్ వాళ్లు పాత ప్రకటన తీసి "సార్, ఏమైనా మార్చాలా" అంటారు. మానేసినవాడు ఏడెనిమిదేళ్లలో నేర్చుకున్నవన్నీ గుర్తొచ్చి అవన్నీ రాయిస్తాం. పక్క సెక్షన్ ఆయన "జీసీ కూడా వేయండి, అవసరపడుతుంది" అంటాడు. కిందటి ఆడిట్‌లో చీవాట్లు తిన్న మేనేజరు ఆడిట్ అనుభవం కలుపుతాడు. అలా తయారైన మనిషి హైదరాబాద్ మొత్తం వెతికినా దొరకడు. దొరికినా ఆ జీతానికి రాడు. మాకు నిజంగా ఆపద తీర్చాల్సిన పని మాత్రం అందులో ఒకటో రెండో ఉంటాయి.

ఆ ఒకటీ ఏదో ప్రకటనే చెబుతుంది. పై భాగంలో అర్హతలు ఉంటాయి, కింద "చేయవలసిన పనులు" అని ఇంకో ఐదారు లైన్లు ఉంటాయి. అందరూ పైది చదివి భయపడి కిందది వదిలేస్తారు. నువ్వు కిందది చదువు. నీ ప్రకటనలో మెథడ్ వాలిడేషన్ పైన ఒకసారి, కింద రెండుసార్లు వచ్చింది: ప్రోటోకాల్ ప్రకారం ఇంజెక్షన్లు చేయడం ఒకటి, రిపోర్టు తయారుచేయడం ఇంకొకటి. జీసీ మాత్రం పైన ఒక మూల "హెచ్‌పీఎల్‌సీ/జీసీ" అని గీత పక్కన ఉంది, కింద దాని ఊసే లేదు. అంటే వాళ్లకు మంట పెట్టింది వాలిడేషన్ పని. జీసీ గీత పక్కన కూర్చున్న చుట్టం.

ఇప్పుడు చేరిన మొదటి సోమవారం ఊహించుకో. కింది ఆరు పనుల్లో ఎవరినీ అడక్కుండా నువ్వు చేయగలిగేవి ఎన్ని? నేను లెక్కేస్తే మూడు. పక్కన ఒకరుండి పదిహేను రోజులు చూపిస్తే వచ్చేవి రెండు. అసలు రానిది ఒకటి, డీవియేషన్ ఇన్వెస్టిగేషన్ రాయడం. అది రెండున్నరేళ్లకు ఎవరికీ రాదు. ఈ లెక్కకు అప్లై చేయమనే అంటాను. అదే మూడు రానివి, ఒకటి వచ్చేది అయితే, ఇంకో ఏడాది ఆగి వాలిడేషన్ టీములోకి మార్చమని మీ సారును పీకమనేవాణ్ణి. పైన టిక్కులు ఎన్ని పడ్డాయన్నది నాకు పట్టదు.

అనుభవం సంగతి. ఏళ్ల లైను సెక్షన్ వాళ్లది కాదు, జీతం, హోదా తేల్చడానికి హెచ్‌ఆర్ పెట్టుకునేది. రెండేళ్ల ఎనిమిది నెలలను నాలుగు చేయకు, రిలీవింగ్ లెటర్ దగ్గర దొరుకుతావు. కాకపోతే జాబ్ పోర్టల్లో నాలుగేళ్లని వడపోత పెడితే నీ రెజ్యూమె ఎవరి కంటా పడదు. అందుకని పోర్టల్‌లో పడేసి కూర్చోకు. ఆ ప్లాంటులో నీ సీనియర్లెవరైనా ఉంటే వాళ్ల చేత పంపించు, లేదా ఆదివారం వాక్-ఇన్ పెడితే నేరుగా వెళ్లు. తీసుకున్నా ఎగ్జిక్యూటివ్ బదులు ఒక మెట్టు కింద ఇస్తామంటారేమో. పని వాలిడేషన్‌దే అయితే ఒప్పుకో.

ఇక జీసీ. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

1993లో నేను జీడిమెట్లలో ఒక చిన్న బల్క్ డ్రగ్ యూనిట్‌లో ఉండేవాణ్ణి. టైట్రేషన్లు, తేమ చూడటం, అదే పని. మా దగ్గర జీసీ ఒకటుండేది, దాన్ని ముట్టుకునేది ఒక్క సీనియరే. నేను పక్కన నిలబడి లాగ్ బుక్ రాసేవాణ్ణి. అంతకంటే పెద్ద కంపెనీలో ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. వాళ్లు అడిగినవాటిలో నాకు సగమే ఉన్నాయి, అచ్చం నీలాగే. జీసీ ఎదురుగా "ఆపరేట్ చేశాను" అని రాశాను. ఇంటర్వ్యూలో దాని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. చేరిపోయాను. ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను.

మూడో వారం నైట్ షిఫ్ట్. మిథనాల్, టోలుయిన్ ఎంత మిగిలాయో చూడమని ఒక బ్యాచ్ శాంపిల్ వచ్చింది. జీసీ మనిషి సెలవు. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ నా కాగితం గుర్తుపెట్టుకుని "నువ్వు చేస్తావుగా" అన్నాడు. చేస్తానన్నాను. ఓవెన్ వేడి పెంచాను, డిటెక్టర్ మంట వెలిగించాను, రికార్డర్ పెన్ను కాగితం మీద గీత గీస్తూ కూర్చుంది. ఆ గీత సరిగ్గా అడ్డంగా పోవాలి. అది మెల్లగా పైకెక్కి కాగితం అంచుకు ఆనుకుని అక్కడే ఉండిపోయింది. వేడెక్కితే సర్దుకుంటుందిలే అనుకుని గంటన్నర చూశాను. పగలు సిలిండర్ మార్చినప్పుడు క్యారియర్ గ్యాస్ వాల్వు మూసి ఉంచేశారు. గ్యాస్ పారకుండా కాలమ్‌ను వేడి చేస్తే లోపలి పూత పాడైపోతుంది. ఓవెన్ ముట్టుకునే ముందు చూడాల్సిన మొట్టమొదటి గేజి అదే. పక్కన నిలబడి లాగ్ బుక్ రాసేవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకంటే చేసేవాడి చెయ్యి అలవాటుగా అటే పోతుంది, కళ్లకు కనబడదు.

తెల్లారి కాలమ్ పోయిందని తేలింది. పీకులు అడ్డంగా పరుచుకుపోతున్నాయి. ఆ బ్యాచ్ రెండు రోజులు ఆగింది. అడిగితే నేనేమన్నానో తెలుసా? "సిలిండర్ మార్చినవాళ్లు వాల్వు తెరవలేదు సార్" అన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. సిలిండర్ మార్చిన హెల్పరుకు మెమో ఇచ్చారు. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, రోజూ తన క్యారేజీలో పప్పు నాకు పెట్టేవాడు. నాలుగు రోజులు ఆ పప్పు తిన్నాను. ఐదో రోజు వెళ్లి ఉన్నది చెప్పేశాను.

ఇన్‌ఛార్జ్ అరవలేదు. "రాదని రాసి ఉంటే పది రోజుల్లో నేర్పించేవాణ్ణి. అయినా తీసుకునేవాణ్ణి. మాకు కావాల్సింది టైట్రేషన్ మనిషి" అన్నాడు. మెమో వెనక్కి తీసుకున్నారు. ఏడాదిపాటు నా రీడింగు ఏదైనా ఇంకొకరు మళ్లీ చూస్తే గాని సంతకం పడేది కాదు. హెల్పరు ఏమీ అనలేదు. క్యారేజీ మాత్రం వేరే బల్ల మీద విప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు నీ రోజులు ఇంకా కఠినం తల్లీ. ఎంపవర్‌లో నువ్వు చేసిన ప్రతి మార్పూ, ఆపేసిన ప్రతి ఇంజెక్షనూ ఆడిట్ ట్రెయిల్‌లో పేరూ సమయంతో సహా పడి ఉంటుంది. ఆ రూమ్మేటుకు నా తరఫున నాలుగు చీవాట్లు పెట్టు. సరే, పెట్టకులే, పాపం నీ మంచికే చెప్పి ఉంటుంది.

రెజ్యూమెలో జీసీ అన్న మాటే వద్దు. అడిగితే "చేయలేదు సార్" అను, అక్కడితో ఆగు. మెథడ్ వాలిడేషన్ దగ్గర మాత్రం ఒక్క పదంతో సరిపెట్టకు, నువ్వు చేసిన సగమేదో విప్పి రాయి: "రెండు మెథడ్లకు ప్రెసిషన్, లీనియారిటీ, రికవరీ ఇంజెక్షన్లు చేసి లెక్కలు కట్టాను. ప్రోటోకాల్, తుది రిపోర్టు సీనియర్లు రాశారు." అది చదివిన ఇన్‌ఛార్జ్‌కు నీకు ఏది నేర్పాలో ముందే తెలిసిపోతుంది.

ఉన్న వారం రోజుల్లో కొత్తది నేర్చుకోబోకు. ఆ సగమే గట్టి చేసుకో. వాలిడేషన్ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ2 అందరికీ దొరికేదే, చదువు. లీనియారిటీకి కనీసం ఐదు గాఢతలు ఎందుకు, రికవరీ మూడు స్థాయిల్లో మూడేసి ఎందుకు చేశావు, ఆరు ప్రిపరేషన్లలో ఒకటి పక్కకు పోతే ఏం చేశావు? ఆఖరి ప్రశ్న నేనైతే తప్పకుండా అడుగుతాను. "మళ్లీ ఇంజెక్ట్ చేశాను" అన్నవాళ్లను పంపించేసేవాణ్ణి. "ఆపి, సారుకు చెప్పాను" అన్నవాళ్లను కూర్చోబెట్టి టీ ఇప్పించేవాణ్ణి. మీ కంపెనీ ప్రోటోకాల్ ఫోటో మాత్రం తీసుకుపోకు.

ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా ఇవ్వకు. నైట్ షిఫ్టుకు కంపెనీ బస్సు ఉందో లేదో కనుక్కో. ఇది మీ పెద్దమ్మ రాయమంది, రెండుసార్లు.

పంపేముందు రెజ్యూమె నాకోసారి వాట్సాప్‌లో పెట్టు. కళ్లజోడు పెట్టుకుని మరీ చూస్తాను. జీసీ అన్న అక్షరాలు ఎక్కడైనా కనబడ్డాయో, నీ దగ్గరికి జడ్చర్లకు బస్సెక్కుతాను.

మీ పెదనాన్న